టీమ్ లీడ్‌కి ప్రైవేట్‌గా రాయాలి: బాగా అలిసిపోయాను, కొన్నాళ్లు బాధ్యతలు తగ్గించమని ఎలా అడగాలి?

వెన్నెలదారి
అందరికీ నమస్కారం. మాది ఆరుగురి సాఫ్ట్‌వేర్ టీమ్. నా మీద నాలుగు పనులున్నాయి: మూడు వారాలకోసారి వారం పాటు, సిస్టమ్‌లో ఏం చెడినా రాత్రీపగలూ ఫోన్ ఎత్తాల్సిన ఆన్‌కాల్, రెండు వారాలకోసారి గురువారం రిలీజ్ నడిపించడం, కొత్తగా చేరిన ఇద్దరి కోడ్ చూడటం, ఇవి కాక నా సొంత డెవలప్‌మెంట్ పని. ఆన్‌కాల్ ఇంతకుముందు ఐదుగురం పంచుకునేవాళ్లం, ఇప్పుడు ముగ్గురమే. కొన్ని నెలలుగా నిద్ర సరిగా పట్టడం లేదు. రిలీజ్ చెక్‌లిస్ట్ మూడోసారి చదివితే గానీ బుర్రకెక్కడం లేదు. కొత్తవాళ్లు ఏదైనా అడిగితే విసుగొస్తోంది. ఉద్యోగం మానాలని లేదు, కొన్నాళ్లు బరువు తగ్గితే చాలు. లీడ్ మంచావిడే, కానీ ఎదురుగా కూర్చుని చెప్పబోతే గొంతు పెగలదు. అందుకే ముందు రాసి పంపాలనుకుంటున్నాను. రాసింది ఇదీ:

"మేడమ్, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి. ఈ మధ్య చాలా అలిసిపోతున్నాను. అందరికీ పని ఎక్కువగానే ఉందని తెలుసు, అయినా నావల్ల కావడం లేదు. వీలైతే కొన్నాళ్లు నా పని కాస్త తగ్గించగలరా? వీలుకాకపోయినా పర్లేదు. మళ్లీ క్షమించండి."

ఇది పంపొచ్చా?

నడిమిగట్టు
పంపకండి. మర్యాదకు లోటేమీ లేదు. కానీ ఇది చదివాక మీ లీడ్ ఏం చేయాలో అందులో లేదు. "కాస్త" అంటే ఎంత, "కొన్నాళ్లు" అంటే ఎప్పటిదాకా, నాలుగు పనుల్లో ఏది? ఈ మూడూ ఆవిడే ఊహించుకోవాలి. అలా ఊహించుకున్న లీడ్‌లు చాలాసార్లు చేసే పని ఒకటుంది. ఎవరికైనా తేలిగ్గా అప్పజెప్పగలిగింది తీసేస్తారు, అంటే మీ సొంత డెవలప్‌మెంట్ పని. అది వేరేవాళ్ల చేతికి పోతుంది, రాత్రి ఫోన్లు మీకే మిగులుతాయి. కాగితం మీద పని తగ్గినట్టే ఉంటుంది. మీ దగ్గర మాత్రం మనసుకు నచ్చిన ఒక్క పనీ పోయి, నిద్ర చెడగొట్టేది అలాగే ఉంటుంది. నెల తిరిగేసరికి "తగ్గించాం కదా, ఇంకా ఏమైంది" అన్న ప్రశ్న వస్తుంది.

పైగా "వీలుకాకపోయినా పర్లేదు" అన్న వాక్యంతో కాదనే వీలు మీరే చేతికిచ్చారు. పని ఒత్తిడిలో ఉన్న మనిషి ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టే తీసుకుంటారు.

ముందు తేల్చుకోవాల్సింది ఏది దింపుకోవాలన్నది. గంటలు లెక్కపెట్టి నిర్ణయించకండి. ఏ పని పోతే తేరుకోవడం మొదలవుతుందో చూడండి. ఆన్‌కాల్ వారంలో నిజంగా ఫోన్ మోగింది మొత్తం రెండు గంటలే కావచ్చు. కానీ ఎప్పుడు మోగుతుందో తెలియదు కాబట్టి వారమంతా శరీరం కాపలా కాస్తూనే ఉంటుంది. మీరు చెప్పినదాన్ని బట్టి ముందు దిగాల్సింది అదే. రెండోది రిలీజ్. ఆ రెండూ వదిలి మిగతావి ఉంచుకుంటానని చెబితే లీడ్‌కి కూడా తేలిక.

సూటిమాట
నా అభిప్రాయం వేరు. "బర్న్ఔట్", "అలిసిపోయాను" లాంటి మాటలు రాతపూర్వకంగా అసలు వద్దు. ఒకసారి రాశాక అవి మీ పేరు పక్కనే ఉండిపోతాయి. "ప్రస్తుతం నా చేతిలో పని సామర్థ్యానికి మించి ఉంది, అన్నింటినీ సగానికి తగ్గించండి" అని రాస్తే చాలు. కారణం ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేదు.

నడిమిగట్టు
సూటిమాట గారూ, ఒక సంగతి నిజం. వైద్యపరమైన వివరాలు, మందులు, ఇంటి సంగతులు ఆ నోట్‌లో ఉండకూడదు. కానీ కారణం పూర్తిగా దాచిపెడితే అది పని కేటాయింపు సమస్యలా కనిపిస్తుంది. అలాంటి సమస్య వచ్చే నెలలో ఒక ప్రాజెక్ట్ ముగియగానే తీరిపోయిందనుకుని, ఖాళీ అయిన చోట ఇంకో పని పెడతారు. పని ఎక్కువైందని కాదు, తేరుకోవడానికి సమయం కావాలని అడుగుతున్నారని లీడ్‌కి తెలియాలి. అందుకు ఒక్క వాక్యం చాలు.

బర్న్ఔట్ అన్న మాటకు అంత భయపడక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 దాన్ని జబ్బుల కింద పెట్టలేదు, పనికి సంబంధించిన పరిస్థితిగానే చెప్పింది. సత్తువ హరించుకుపోవడం, పని మీద మనసు విరగడం లేదా చిరాకు పెరగడం, ఇంతకుముందులా చేయలేకపోతున్నామనిపించడం, ఈ మూడింటినీ అందులో చూడొచ్చు. వెన్నెలదారి గారు రాసిన మూడు లక్షణాలు దాదాపు వాటికే సరిపోతున్నాయి. ఆ మాట వాడటం ఇష్టం లేకపోతే "కొన్ని నెలలుగా తేరుకోలేనంత అలసట" అని రాసినా అర్థమవుతుంది.

ఇక "అన్నీ సగానికి" అన్నది పనిచేయదు. సగం ఆన్‌కాల్ ఎలా ఉంటుంది? రిలీజ్ సగం నడిపించలేరు కదా. నాలుగు పనుల్లో ప్రతిదాంట్లో కాస్త కాస్త తగ్గిస్తే నాలుగూ బుర్రలో ఉంటాయి, నాలుగు మీటింగులకూ వెళ్లాలి. పైగా తగ్గిందో లేదో ఎవరూ చూసి చెప్పలేరు. ఒక పని పూర్తిగా దిగితేనే అది అందరికీ కనిపిస్తుంది.

కొబ్బరాకు
ఇంత ఆలోచన ఎందుకండీ? హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి రెండు వారాలు సెలవు తీసుకోండి. సెలవు దరఖాస్తు నమూనా కావాలంటే నేనిస్తాను.

వెన్నెలదారి
థాంక్స్ కొబ్బరాకు గారూ. నేను అడుగుతున్నది సెలవు కాదండీ. పనికి వస్తూనే కొన్ని బాధ్యతలు పక్కన పెట్టాలని.

తెల్లకాగితం
సెలవు మంచిదే, కానీ ఆ ఒక్కటీ సరిపోదు. వెళ్లొచ్చాక అదే ఆన్‌కాల్ వరస, పైగా పేరుకుపోయిన మెయిళ్లు ఎదురుచూస్తుంటాయి. సెలవులో తేరుకున్న సత్తువ రెండు మూడు వారాల్లో కరిగిపోతుందని ఈ విషయం మీద పనిచేసిన పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. అవకాశముంటే బాధ్యతలు తగ్గే మొదటి వారానికి ముందు నాలుగైదు రోజుల సెలవు జతచేయండి. అప్పుడు తిరిగొచ్చేసరికి పరిస్థితి మారి ఉంటుంది.

నేను హెచ్ఆర్ వైపు పనిచేసేదాన్ని కాబట్టి "ప్రైవేట్" గురించి చెప్పాలి. ఆఫీసు చాట్‌లో ఒక్కరికే పంపినా అది కంపెనీ రికార్డే. లీడ్ చదివి ఊరుకోవాలన్న నియమమూ లేదు. ఆరోగ్యం మాట వస్తే పైవాళ్లకో హెచ్ఆర్‌కో తెలియజేయాలని చాలా సంస్థలు లీడ్‌లకు చెప్పి ఉంచుతాయి. కాబట్టి "ఎవరికీ చెప్పకండి" అని రాస్తే ఆవిడను ఇరకాటంలో పెట్టినట్టే. "ఎవరికైనా చెప్పాల్సి వస్తే ముందు నాతో ఒక మాట అనండి" అని రాయండి. అది ఆవిడ నిలబెట్టుకోగల మాట.

ఫోన్‌లో నోటిఫికేషన్‌గా వస్తే మీటింగ్‌లో స్క్రీన్ పంచుకుంటున్నప్పుడు మొదటి లైను అందరికీ కనిపించే ప్రమాదముంది. అందుకే చాట్ కన్నా మెయిల్ మేలు. విషయం లైనులో "వచ్చే ఆరు వారాల నా పనుల గురించి" లాంటిది పెట్టండి, అలసట ప్రస్తావన అక్కడ వద్దు. ఏదైనా లింకో డాక్యుమెంటో జతచేస్తే అది ఎవరెవరు తెరవగలరో పంపేముందు చూసుకోండి.

మందారం
ఒక్క మాట. సెలవు రోజున కూడా ఏదీ సంతోషం కలిగించకపోవడం, వారాల తరబడి నిద్ర లేకపోవడం, బతకాలని లేదన్న ఆలోచన రావడం, వీటిలో ఏ ఒక్కటున్నా లీడ్ జవాబు కోసం ఆగకండి, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చివరిది ఉంటే ఆ రోజే. పని తగ్గితే అలసట తగ్గుతుంది, కుంగుబాటు దానంతట అది తగ్గకపోవచ్చు. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి.

వెన్నెలదారి
మందారం గారూ, సెలవు రోజు మధ్యాహ్నం దాకా బాగానే ఉంటుంది, సాయంత్రం నుంచే గుబులు. నిద్ర సంగతి మాత్రం డాక్టర్‌కి చూపించుకుంటాను.

ఇప్పుడు నా అసలు చిక్కు. ఆన్‌కాల్‌లో మేం ముగ్గురమే. నేను తప్పుకుంటే మిగిలిన ఇద్దరికీ వారం విడిచి వారం పడుతుంది. నా బరువు వాళ్ల నెత్తిన వేసినట్టవుతుందని అడగలేకపోతున్నాను. లీడ్ కూడా అదే అంటారు.

గంటస్తంభం
ఆ మాట అనకముందే జవాబు సిద్ధం చేసుకోవచ్చు. మీ గత ఆన్‌కాల్ వారం అలర్ట్‌ల చిట్టా తీయండి. రాత్రి పదకొండు నుంచి ఉదయం ఏడు మధ్య వచ్చినవి మాత్రమే ఒక పక్కన రాసుకోండి. ఒక్కోదాని ఎదురుగా లేచి ఏం చేశారో రాయండి: ఏదైనా సరిచేశారా, లేక చూసి మూసేశారా, లేక మీరు లాప్‌టాప్ తెరిచేలోపే అదే తగ్గిపోయిందా.

ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉండి చూస్తున్నది ఏంటంటే, సరిగా చూసుకోని ఏ వ్యవస్థలోనైనా రెండు, మూడు రకాలవే ఎక్కువ. డిస్క్ ఎనభై శాతం నిండిందన్న అలర్ట్ తెల్లవారుజామున రెండింటికి ఎందుకు మోగాలి? తొంభై ఐదు దాటేదాకా మెయిల్‌గా వస్తే చాలు. అర నిమిషం పాటు సీపీయూ పెరిగితే మోగేదాన్ని పది నిమిషాలు ఆగకుండా ఉంటేనే మోగేలా మార్చొచ్చు. ఇవి సరిచేస్తే ఇద్దరి మీదా పడే బరువు మీరు ముగ్గురూ ఇప్పుడు మోస్తున్న దానికన్నా తక్కువే కావచ్చు. అయితే ఒక హెచ్చరిక: డబ్బు లావాదేవీలు, డేటా పోయే అవకాశం ఉన్నవాటి జోలికి వెళ్లకండి. ఏది మార్చినా వారం పాటు పగలు చూసుకునేవాళ్లకు ఆ జాబితా ఇవ్వండి.

వెన్నెలదారి
ఇప్పుడే తీసి చూశాను. గత ఆన్‌కాల్ వారంలో రాత్రిపూట వచ్చినవి 11. వాటిలో 7 వాటంతటవే తగ్గిపోయినవి లేదా డిస్క్ హెచ్చరికలు. నిజంగా చేయి పెట్టాల్సి వచ్చింది నాలుగింటికే.

గంటస్తంభం
ఈ ఒక్క లెక్క నోట్‌లో పెట్టండి. మీరు వెళ్లిపోతే ఖాళీ ఎలా పూడుతుందో కూడా ఆలోచించారని తెలుస్తుంది. కానీ అలర్ట్‌లు సరిచేసే పని మొత్తం మీరే నెత్తికెత్తుకోకండి. జాబితా ఇవ్వడం వరకు మీది, మార్చడం మిగతా ఇద్దరిది లేదా లీడ్ అప్పజెప్పినవాళ్లది.

రాత్రిషిఫ్ట్
నేను ఆస్పత్రిలో నర్సుని. ఇవన్నీ చదువుతుంటే మాకెలా వర్తిస్తాయో తెలియడం లేదు. మాకు దింపుకోవడానికి ఫలానా పని అంటూ ఉండదు. వార్డులో ఉన్నామంటే అన్నీ చేయాల్సిందే. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి ఏమని రాయాలి?

తెల్లకాగితం
మీ పనిలో అడగాల్సింది రోస్టర్ గురించి. పనిని విడదీయలేకపోయినా షిఫ్ట్‌ల వరసను మార్చొచ్చు. సాయంత్రం షిఫ్ట్ రాత్రి ముగిశాక మర్నాడు ఉదయం డ్యూటీ వేయకుండా, రెండు షిఫ్ట్‌ల మధ్య కనీసం 11 గంటలు ఉండేలా అడగండి. వరసగా రెండు మూడు నైట్‌లకు మించి వద్దని, డబుల్ షిఫ్ట్‌లకు మీ పేరు పిలవొద్దని ఫలానా తేదీ దాకా అడగండి. తర్వాతి రోస్టర్ ఎప్పుడు వేస్తారో దానికి వారం ముందే ఇవ్వాలి. వేశాక మార్చమంటే ఇంకొకరి సెలవు చెడగొట్టాలి, అప్పుడు ఎంత మంచి ఇన్‌ఛార్జ్ అయినా కుదరదనే అంటారు. ఐసీయూ లాంటి చోటు నుంచి కొన్నాళ్లు ఓపీకి మార్చమనడం ఇంకో దారి. కానీ దాని మీద ఇన్‌ఛార్జ్ ఒక్కరే నిర్ణయం తీసుకోలేకపోవచ్చు.

రాత్రిషిఫ్ట్
ఇన్‌ఛార్జ్ చేతిలో నిజంగా ఏముందో ముందు కనుక్కోవాలన్నమాట. మా దగ్గర అలవెన్స్ నైట్‌లకే వస్తుంది, నైట్‌లు తగ్గితే చేతికొచ్చేదీ తగ్గుతుంది. అది కూడా లెక్క చూసుకోవాలి.

నడిమిగట్టు
అది ముఖ్యమైన సంగతి, వెన్నెలదారి గారికీ వర్తిస్తుంది. ఆన్‌కాల్‌కి విడిగా డబ్బిస్తుంటే ఆరు వారాలు అది రాదు. అలాగే అడిగేది లీడ్ చేతిలో ఉన్నదై ఉండాలి. టీమ్‌లో పని ఒకరి నుంచి ఇంకొకరికి మార్చడం లీడ్ ఆ రోజే చేయగలరు. పని గంటలు తగ్గించడం, జీతం, వేరే టీమ్‌కి మారడం ఆవిడ దాటి వెళ్లాలి. ఆ రెండో రకం అడిగితే మీ ప్రైవేట్ నోట్ ముగ్గురు నలుగురి చేతులు మారుతుంది.

వెన్నెలదారి
మళ్లీ రాశాను. చూడండి:

"మేడమ్, ఇది మీకు మాత్రమే రాస్తున్నాను. ఎవరికైనా చెప్పాల్సి వస్తే ముందు నాతో ఒక మాట అనండి.

కొన్ని నెలలుగా తేరుకోలేనంత అలసట ఉంది. ఆన్‌కాల్ వారం తర్వాత మామూలు కావడానికి ఇంతకుముందు రెండు రోజులు పట్టేది. ఇప్పుడు తర్వాతి వంతు వచ్చేలోపు కూడా తేరుకోవడం లేదు. ఇలాగే సాగితే రిలీజ్‌లో ఏదో ఒకటి జారిపోతుందన్నది నా ఆందోళన.

వచ్చే సోమవారం నుంచి ఆరు వారాలు రెండు బాధ్యతలు పక్కన పెట్టమని అడుగుతున్నాను: ఆన్‌కాల్, రిలీజ్ నడిపించడం. కొత్తవాళ్ల కోడ్ చూడటం, నా డెవలప్‌మెంట్ పని యథావిధిగా చేస్తాను. నా గత ఆన్‌కాల్ వారంలో రాత్రి వచ్చిన 11 అలర్ట్‌లలో 7 పొద్దున్నదాకా ఆగగలిగేవే. ఆ జాబితా జత చేశాను. వాటిని మారిస్తే మిగిలిన ఇద్దరికీ రాత్రులు తేలికవుతాయి. రిలీజ్ ఎవరికి అప్పజెప్పినా మొదటిసారి పక్కన కూర్చుంటాను.

మూడో వారం చివర పదిహేను నిమిషాలు కలిసి ఎలా ఉందో చూద్దాం. ఈ వారంలో మీకు వీలైనప్పుడు మాట్లాడగలనా?"

నడిమిగట్టు
బాగుంది. క్షమాపణలు పోయాయి, ఎవరినీ తప్పుపట్టలేదు. రెండు మార్పులు చెబుతాను.

మొదటిది, "రిలీజ్‌లో ఏదో ఒకటి జారిపోతుంది" అన్న వాక్యం. రేపు రిలీజ్‌లో ఎవరివల్ల పొరపాటు జరిగినా ఆ వాక్యం మీ వైపు చూపిస్తుంది. "రిలీజ్ రోజున ఉండాల్సిన ఏకాగ్రత నా దగ్గర ఇప్పుడు లేదు" అని రాయండి. విషయం అదే, కానీ జరగని పొరపాటుకు ముందే బాధ్యత తీసుకున్నట్టు ఉండదు.

రెండోది, తిరిగి ఎలా మొదలవుతారో లేదు. ఏడో వారంలో ఒక్కసారిగా రెండూ మీద పడితే మళ్లీ మొదటికొస్తుంది. ముందు రిలీజ్ తీసుకోండి. ఆన్‌కాల్ మొదటి వంతు పగలు మాత్రమే చేసి, తర్వాతి వంతులో రాత్రులు కలుపుకోండి. ఆరు వారాలన్నది మాత్రం మీ వరసకు సరిగ్గా సరిపోయింది. మూడు వారాలే అడిగి ఉంటే తప్పేది ఒక్క వంతు, అది కాస్త పెద్ద వారాంతంతో సమానం. ఆరయితే రెండు వంతులు తప్పుతాయి. వంతు వంతుకీ మధ్య పూర్తి విరామం దొరకడం అప్పుడే మొదలవుతుంది.

ఎప్పుడు పంపాలన్నది కూడా చూసుకోండి. రాత్రి రాసినా అప్పుడే పంపకండి. అర్ధరాత్రి టైము కనిపిస్తే ఆవిడ కంగారుపడి అప్పుడే ఫోన్ చేస్తారు. శుక్రవారం సాయంత్రం పంపితే రెండు రోజులు జవాబు కోసం చూస్తూ గడుపుతారు. కొత్త ఆన్‌కాల్ వరస వేయడానికి ముందు, రిలీజ్ లేని వారంలో, మంగళవారమో బుధవారమో పొద్దున పంపండి.

సూటిమాట
నోట్ బాగుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ సంవత్సరం చివర పనితీరు రేటింగ్ ఇచ్చేటప్పుడు "ఈ మనిషి ఆరు వారాలు ముఖ్యమైన పనులు చేయలేదు" అన్నది లెక్కలోకి రాదని ఎవరు హామీ ఇస్తారు? లీడ్ మంచావిడే అనుకుందాం. రేపు ఆవిడ మారితే?

తెల్లకాగితం
ఎవరూ హామీ ఇవ్వలేరు. చేయగలిగింది ఒకటే. మాట్లాడాక ఆ రోజే మూడు లైన్లలో మెయిల్ పెట్టండి: ఏ రెండు పనులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఈ కాలంలో మిమ్మల్ని ఏ పనుల మీద అంచనా వేస్తారు. అందులో ఆరోగ్యం ప్రస్తావన ఉండకూడదు. లీడ్ మారితే కొత్తవారికి చూపించాల్సింది ఆ మూడు లైన్లనే. అయినా రేటింగ్ మీద ప్రభావం పడే చోట్లు ఉన్నాయి, కాదనను.

సూటిమాట
అందుకే చెబుతున్నా, ఒక రేటింగ్ కాలం ముగిశాక అడగడం నయం.

నడిమిగట్టు
అది రెండు వారాల్లో ఉంటే ఆగొచ్చు. నాలుగైదు నెలలు ఉంటే ఆ ఆగడంలోనే పనితీరు పడిపోతుంది, రేటింగ్ ఎలాగూ దెబ్బతింటుంది. దీనిమీద మనిద్దరికీ ఏకాభిప్రాయం కుదరదేమో.

వెన్నెలదారి గారూ, "ఈ పెద్ద రిలీజ్ అయిపోనివ్వండి, తర్వాత చూద్దాం" అన్న జవాబుకు కూడా సిద్ధంగా ఉండండి. అప్పుడు "అలాగే" అని వచ్చేయకండి. "సరే, ఆ రిలీజ్ నేనే నడిపిస్తాను, ఆన్‌కాల్ మాత్రం ఈ సోమవారం నుంచే తీసేయండి, రిలీజ్ బాధ్యత ఫలానా తేదీన అప్పజెబుతాను" అని తేదీతో అడగండి. రెంటిలో ఒకటి వెంటనే దిగాలి.

ఇంకొకటి, ఒప్పుకున్నాక కూడా పని పక్కదారిన తిరిగొస్తుంది. "ఈ ఒక్కటీ చూసి పెట్టవా, నీకైతే ఐదు నిమిషాలు" అని పాత అలవాటు కొద్దీ మీకే మెసేజ్ చేస్తారు. ఆన్‌కాల్ గ్రూప్ నోటిఫికేషన్లు ఆపేయండి, అలర్ట్ సిస్టమ్‌లో మీ నంబరు నిజంగా తీసేశారో లేదో చూసుకోండి. వరసలో పేరు తీసేసి, మొదటివాళ్లు ఎత్తకపోతే వెళ్లే రెండో నంబరుగా మిమ్మల్నే ఉంచేయడం మామూలుగా జరిగేదే.

గంటస్తంభం
అది తప్పకుండా చూడండి. ఎస్కలేషన్ జాబితా, వరస జాబితా చాలా చోట్ల వేర్వేరుగా ఉంటాయి.

వెన్నెలదారి
రెండు మార్పులూ చేశాను. వచ్చే వారం రిలీజ్ లేదు, మంగళవారం పొద్దున పంపుతాను. చివరిగా ఒకటి: ఆన్‌కాల్‌లో మిగిలిన ఇద్దరికీ ఏమని చెప్పాలి? అడుగుతారు కదా.

తెల్లకాగితం
ఆ మాట ఎవరు చెప్పాలో లీడ్‌తోనే తేల్చుకోండి, ఇద్దరూ వేర్వేరుగా చెబితే పొంతన కుదరదు. "ఆరు వారాలు ఫలానా వాళ్లు ఆన్‌కాల్‌లోనూ రిలీజ్‌లోనూ ఉండరు, ఫలానా తేదీన తిరిగి వస్తారు, రాత్రి అలర్ట్‌ల జాబితా ఈలోగా తగ్గిస్తున్నాం" అని ఆవిడే వరస ప్రకటించేటప్పుడు చెబితే సరిపోతుంది. కారణం అడిగినవాళ్లకు "లీడ్‌తో మాట్లాడి కొన్నాళ్లు పనులు మార్చుకున్నాను" అనండి. ఆ ఇద్దరిలో ఎవరైనా తామూ అలిసిపోయామంటే మాత్రం వాళ్లనూ లీడ్ దగ్గరికే పంపండి, మీరు తిరిగి వంతు తీసుకుంటానని మాటివ్వకండి.